అగ్రిమెంట్ పేపరు

రాజమండ్రిలో పెళ్లి. ముహూర్తం తెల్లవారుజామున 4:12కి. లావణ్య ఫోన్లో ఒప్పుకున్నది పెళ్లికూతురి మేకప్, జడ, చీరకట్టు మాత్రమే. 30,000.

రాత్రి ఒంటిగంటకి గదిలోకి వెళ్తే పెళ్లికూతురి తల్లి, మేనత్త, ఇద్దరు పిన్నులు వరుసగా కూర్చుని ఉన్నారు. "మాకు ఊరికే టచప్ చాలమ్మాయ్," అంది పెద్ద పిన్ని. కాదనలేకపోయింది. వాళ్లవి అయ్యేసరికి మూడు దాటింది. గౌరీపూజకి పంతులుగారు కేకలేస్తుంటే, బేస్ ఆరకముందే బాసికం కట్టేశారు. చెమటకి నుదురంతా చారలు. ఫోటోల్లోనూ అవే.

"ఈ పనికి మిగతా 20,000 కూడానా?" అన్నాడు తండ్రి. నలుగురికి చేసిన పని ఊసే లేదు. నోటిమాట ఒప్పందమూ చట్టం ముందు చెల్లుతుంది, కానీ రుజువేది? లావణ్య దగ్గర చూపించడానికి చిన్న కాగితమైనా లేదు.

తర్వాతి పెళ్లికి తెలుగులోనే రాసుకెళ్లింది: ఎవరెవరికి, ఎన్నింటికి మొదలు, సగం అడ్వాన్సు, మిగతాది పెళ్లికూతుర్ని కూర్చోబెట్టకముందే, అదనంగా వచ్చిన ఒక్కొక్కరికి 3,000.

"మనలో మనకి ఇవన్నీ ఎందుకమ్మా?" అంది పెళ్లికూతురి తల్లి.

"అమ్మాయి టైముకి పీటల మీద కూర్చోవాలి కదండీ."

ఆవిడ ఆసాంతం చదివి సంతకం పెట్టింది. "మా తోడికోడలి పేరు కూడా రాయి."

"రాస్తానండీ. మూడు వేలు."