304 గదిలో మంగళవారం రాత్రి మీకు నిద్ర లేకుండా పోవడం గురించి

మేడమ్ గారికి నమస్కారం.

పక్క స్థలంలో జరిగిన నిర్మాణ పనుల మోతతో మంగళవారం రాత్రంతా మీకు కంటి మీద కునుకు లేకుండా పోయినందుకు హోటల్ తరఫున క్షమాపణ కోరుతున్నాను. ఉదయం తొమ్మిదింటికి ఇంటర్వ్యూ పెట్టుకుని వచ్చిన మనిషికి ఆ రాత్రి ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు.

మీరు ఫిర్యాదులో రాసింది రిసెప్షన్ రిజిస్టర్‌తో సరిచూశాను. 11.20కి, మళ్లీ 1.10కి ఫోన్ చేశారు. రెండుసార్లూ మావాళ్లు "ఇంకాసేపట్లో ఆపేస్తారండీ" అన్నారు. అలా అనకూడదు. మీ గది ఉన్న తూర్పు వైపు, పక్క స్థలంలో వేస్తున్నది స్లాబ్. కాంక్రీటు పోయడం మొదలెట్టాక మధ్యలో ఆపితే అతుకు దగ్గర బలహీనపడుతుంది, అందుకని పూర్తయ్యేదాకా ఆపరు. పగటి ట్రాఫిక్‌లో మిక్సర్ లారీలు కదలవని పని రాత్రికి పెట్టుకున్నారట. 3.40 దాకా సాగింది. ఇదంతా వాళ్ల ఇబ్బంది, మీరు భరించాల్సినది కాదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు వాణిజ్య ప్రాంతంలో శబ్దం 55 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి నిబంధనలే చెబుతున్నాయి.

అసలు తప్పు మా దగ్గరే ఉంది. ఆ రాత్రి పడమటి వైపు 108, 212 గదులు ఖాళీగానే ఉన్నాయి. మొదటి ఫోన్‌కే మిమ్మల్ని అటు మార్చి ఉండాల్సింది. మేనేజర్‌ని అడగకుండా గది మార్చే అధికారం నైట్ డ్యూటీ వాళ్లకు లేకపోవడంతో ఎవరూ ముందుకు రాలేదు. ఇప్పుడు ఆ అధికారం ఇచ్చాం. మీకు ఇచ్చిన దూది కూడా పనికొచ్చేది కాదు. కాంక్రీటును కుదించే వైబ్రేటర్ మోత గోడల గుండానే వస్తుంది, చెవులు మూసుకున్నా మంచం అదురుతూనే ఉంటుంది.

ఆ రాత్రి అద్దె 2,800 రూపాయలు, 5 శాతం జీఎస్టీ 140, మొత్తం 2,940 మీరు చెల్లించిన కార్డుకే ఈ రోజు వెనక్కి పంపాం. బ్యాంకును బట్టి 5 నుంచి 7 పనిదినాల్లో జమ అవుతుంది. క్రెడిట్ నోట్ ఈ మెయిల్‌కు జతచేశాను. మీ ఆఫీసు నుంచి ఖర్చులు రాబట్టుకునేటప్పుడు పాత బిల్లుతో పాటు దీన్నీ పెట్టండి, లేకపోతే లెక్క తేడా వస్తుంది.

స్లాబ్ వేసే తేదీ కనీసం రెండు రోజుల ముందు చెప్పాలని బిల్డర్‌ని లిఖితపూర్వకంగా అడిగాం, సరేనన్నారు. ఆ రాత్రులు తూర్పు వైపు గదులు ఎవరికీ ఇవ్వం. చెప్పకుండా మొదలెడితే పోలీసుల అత్యవసర నంబరు 112కి మేమే ఫోన్ చేస్తాం. 304 కిటికీ స్లైడింగ్ రెక్కకు రబ్బరు అరిగిపోయి సందు ఏర్పడింది, దాన్ని శనివారం మారుస్తున్నాం. దానివల్ల వీధి రొద తగ్గుతుందే గానీ స్లాబ్ మోత ఆగదు. ఆ భవనం పూర్తయ్యేదాకా తూర్పు గదుల్లో ప్రశాంతత ఉంటుందని మాట ఇవ్వలేను.

మళ్లీ ఈ ఊరు రావాల్సి వస్తే బుకింగ్‌లో "పడమటి వైపు" అని రాయండి. ఆ గదులు ఖాళీ లేకపోతే ఆ మాట ముందే చెబుతాం.

ఇట్లు,
ఫ్రంట్ ఆఫీస్ మేనేజర్