పోచంపల్లి ఇక్కత్ వీడియో: స్క్రిప్టు పని, మార్పులు, చెల్లింపుల గురించి

హైదరాబాద్,
26 మే 2025

మాధవి గారికి,

నమస్కారం. శనివారం మీ షాపులో మాట్లాడుకున్నవన్నీ కాగితం మీద పెడుతున్నాను. ఆగస్టు 7న, జాతీయ చేనేత దినోత్సవం రోజు వీడియో విడుదల కావాలన్నారు. దానికి తగ్గట్టే తేదీలు వేశాను.

నేను రాసి ఇచ్చేది 8 నిమిషాల వీడియోకు పూర్తి స్క్రిప్టు, దాంట్లోంచి 30 సెకన్ల రీల్స్ మూడింటికి విడి స్క్రిప్టులు. ఎడమవైపు దృశ్యం, కుడివైపు మాట, శబ్దం ఉండే రెండు వరుసల పద్ధతిలో రాస్తాను. కెమెరామన్, ఎడిటర్ ఇద్దరికీ అదే సౌకర్యం. నరేషన్ 600 మాటలు దాటదు. ఎనిమిది నిమిషాలూ మాటలతో నింపేస్తే మగ్గం చప్పుడు వినపడదు. ఆసు పోసే చేతులను, చిటికి కట్టిన నూలు రంగులో మునిగి లేచి, ముడి విప్పగానే తెల్లగా బయటపడే చోటును చూసేవాళ్లు తీరిగ్గా చూడాలి. అక్కడ నేను ఒక్క మాట కూడా రాయను.

షూటింగ్, ఎడిటింగ్, వాయిస్ ఓవర్ ఆర్టిస్టు, సబ్‌టైటిళ్లు, హిందీ, ఇంగ్లిష్ అనువాదాలు నా పనిలోకి రావు. పోచంపల్లి వెళ్లి నేతకారులతో రెండు రోజులు మాట్లాడటం మాత్రం నా పనే. ఆ రెండు రోజులకు కారు, భోజనం మీరు చూసుకోండి.

ముందు రెండు పేజీల ట్రీట్‌మెంట్ జూన్ 9కి పంపుతాను. కథ ఎవరి నోట నడుస్తుంది, ఏది ముందు, ఏది తర్వాత అన్నది అందులో తేలిపోతుంది. దాన్ని మీరు జూన్ 13లోగా ఖాయం చేస్తే తొలి ప్రతి జూన్ 20కి, తుది ప్రతి జూలై 2కి మీ చేతిలో ఉంటాయి. మీ జవాబు ఎన్ని రోజులు ఆలస్యమైతే నా తేదీలూ అన్ని రోజులు జరుగుతాయి.

మార్పుల విషయం కాస్త వివరంగా చెప్పాలి. తొలి ప్రతి మీద రెండు విడతల మార్పులు ఫీజులోనే ఉన్నాయి. మీరు ముగ్గురు భాగస్వాములు. ముగ్గురి అభిప్రాయాలూ ఒకచోట చేర్చి మీరొక్కరే ఒకే ఈమెయిల్‌లో పంపండి. అదే ఒక విడత. ఇంతకుముందు ఒక కంపెనీ పనిలో ఒకరు సోమవారం తీసేయమన్న పేరా, ఇంకొకరు గురువారం వాట్సాప్‌లో మళ్లీ పెట్టమన్నారు. అలా నెల గడిచినా స్క్రిప్టు ముందుకు కదల్లేదు. మీ పనికి ఆ గతి పట్టకూడదు.

వాక్యాలు మార్చడం, నిడివి తగ్గించడం, పొరపాటు దిద్దడం, సీన్ల వరుస సర్దడం మార్పుల కిందకే వస్తాయి. నేతకారుడి నోట నడుస్తుందని ట్రీట్‌మెంట్‌లో ఖాయం చేసుకుని, తొలి ప్రతి చూశాక మీ షాపు కథగా చెప్పమంటే మాత్రం అది కొత్త స్క్రిప్టే. దానికి వేరే ఫీజు మాట్లాడుకుందాం. రెండు దాటిన ప్రతి విడతకూ రూ.5,000. రఫ్ కట్ చూసి నరేషన్‌ను బొమ్మకు అతికేలా సరిచేయడానికి ఒక సిట్టింగ్ నేనే వచ్చి కూర్చుంటాను. దానికేమీ తీసుకోను. ఆ పని వేరేవాళ్ల చేతిలో పెట్టడం నాకిష్టం లేదు.

ఇంకో మాట. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది. ఇక్కత్ డిజైన్‌ను బట్ట మీద అచ్చేసి అమ్మేవాళ్లూ ఉన్నారు. ఆ తేడా స్పష్టంగా రాస్తాను. మీ దగ్గరున్న సరుకులో ఏది చేనేతో, ఏది కాదో నాకు ముందే చెప్పండి. కానిదాన్ని అవునని రాయను.

మొత్తం ఫీజు రూ.60,000. పని మొదలయ్యే ముందు రూ.24,000, తొలి ప్రతి అందాక రూ.18,000, తుది ప్రతి అందాక రూ.18,000. బిల్లు ఇచ్చిన 7 రోజుల్లో బ్యాంకు ఖాతాకు వేయాలి. 15 రోజులు దాటితే పని ఆపాల్సి వస్తుంది. 10 శాతం టీడీఎస్ పట్టుకుని, సర్టిఫికెట్ ఇవ్వండి. నాకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి ఆ పన్ను కలపను. షూటింగ్ వాయిదా పడ్డా చివరి వాయిదా ఆగకూడదు, తుది ప్రతితో నా రాత పని అయిపోతుంది కదా. మధ్యలో మానుకుంటే అప్పటిదాకా అందజేసిన దశల డబ్బు నాదే.

పూర్తి చెల్లింపు అందిన రోజు నుంచి స్క్రిప్టు హక్కులు మీవి. కాలపరిమితి, ప్రాంతం రాయకపోతే 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఐదేళ్లకు, భారతదేశానికే ఇచ్చినట్టు లెక్క. విదేశాల్లో ఉన్న మనవాళ్లకూ చీరలు పంపుతున్నారు కాబట్టి, కాపీరైట్ ఉన్నంతకాలం, ప్రపంచమంతటికీ అని ఇక్కడే రాస్తున్నాను. వీడియో చివర ‘రచన’ అని నా పేరు ఉండాలి.

వీటిలో మార్చాల్సింది ఏమైనా ఉంటే ఫోన్ చేయండి, మాట్లాడుకుందాం. లేదంటే ఈ ఉత్తరం మీద సంతకం చేసి శుక్రవారం, మే 30లోగా స్కాన్ పంపండి. అడ్వాన్స్ అందిన వెంటనే పోచంపల్లి ప్రయాణం రోజులు ఖాయం చేస్తాను. ఆసు పోసే ఆడవాళ్లతో ముందుగా మాట్లాడాలనుకుంటున్నాను. మీకు తెలిసిన ఇళ్లు ఉంటే చెప్పండి.

ఇట్లు,
రవికిరణ్
స్క్రిప్టు రచయిత