వద్దనని మనిషి

"నువ్వు చెప్పావనే కొన్నానయ్యా సూర్యం," అంటూ మాస్టారు గల్లా పెట్టె పక్కన ఒక సీసా పెట్టారు.

మోకాళ్ల నొప్పులకు రాసుకునే నూనె. మూత చుట్టూ జిడ్డు కారి దుమ్ము పట్టేసింది. సూర్యం అమ్మేది మేకులు, బోల్టులు, తాళాలు, గొళ్లేలు, నీళ్ల పైపులు. ఆ కొట్టులో నూనె అంటే కిర్రుమనే తలుపుల మడతబందులకు వేసేదొక్కటే.

"నేనెప్పుడు చెప్పాను మాస్టారూ?"

ఆయన జవాబు చెప్పకుండా ఫోన్ తీసి చూపించారు.

తెరమీద సూర్యం ఉన్నాడు. అవే కళ్లద్దాలు. కుడి కనుబొమ్మ మీద చిన్నప్పుడు పడిన గాటు కూడా అలాగే ఉంది. ఒంటిమీద మాత్రం డాక్టర్లు వేసుకునే తెల్లకోటు, వెనక గాజు అలమరాలో వరసగా సీసాలు. "ఏళ్ల తరబడి మోకాళ్ల నొప్పితో నరకం చూశాను. వారం తిరక్కుండా పరిగెత్తాను. నన్ను నమ్మండి, ఈరోజే ఆర్డర్ పెట్టండి," అంటున్నాడు. గొంతూ సూర్యందే. కాకపోతే నసుగుడు లేదు. మాట మాటకీ "అంటే ఏమిటంటే" అని ఆగడం లేదు.

సూర్యం మళ్లీ మళ్లీ చూశాడు. మొదట ఒళ్లు జలదరించింది. ఆ వెంటనే, తెల్లకోటు తనకు బాగానే నప్పిందే అని కూడా అనిపించింది. ఆ సంగతి తర్వాత ఎవరితోనూ అనలేదు. కోపం వచ్చింది ఆఖరికి.

"నాకసలు మోకాళ్ల నొప్పులే లేవు మాస్టారూ."

"నాకున్నాయిగా," అన్నారాయన. పంచె కాస్త పైకి లాగి చూపించారు. మోకాలి చిప్ప చుట్టూ ఎర్రగా కందిపోయి, అక్కడక్కడా బొబ్బలు. నూనె మొదలుపెట్టాక డాక్టరు ఇచ్చిన మాత్రలు కూడా ఆపేశారట. "ఇంకొకడు చెప్పి ఉంటే కొనేవాణ్ణా? పోయినసారి నేను ఆ మెరిసే తాళం అడిగితే, వద్దు, వానాకాలానికి పట్టేస్తుందని లాక్కుని లోపల పెట్టేశావు. అమ్ముకునేవాడివి వద్దన్నావంటే, బాగుందన్నప్పుడు ఇంక చూసేదేముంది?"

సూర్యం గల్లా పెట్టె తెరిచాడు. మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు. "నువ్వు కాదంటున్నావుగా. నువ్వెందుకివ్వాలి?" సీసా అక్కడే వదిలేసి మెల్లగా మెట్లు దిగారు.

రాత్రి మాధవి ఆ వీడియోని కొంచెం కొంచెంగా ముందుకు జరుపుతూ చూపించింది. "ఇక్కడ చూడు నాన్నా." తెల్లకోటు మనిషి నుదుటి చెమట తుడుచుకుంటున్నాడు. వేళ్లు ముఖానికి ముందు నుంచి పోవాలి. కానీ ఒక్క క్షణం కనుబొమ్మ వేళ్ల మీదికి వచ్చేసింది, తడి రంగు మీద చెయ్యి రాసుకుపోయినట్టు. కళ్లద్దాల కాడ చెవి దాకా పోకుండానే మధ్యలో మాయమైంది.

"ఆ ఒళ్లు ఎవరిదో. దాని మీద నీ ముఖం వేశారు."

"నా ముఖం వాళ్లకెక్కడ దొరికింది?"

"వ్యాపారుల సంఘం వాళ్లు నీతో మాట్లాడించి వీడియో పెట్టారు చూడు, అందులోంచి అయ్యుంటుంది. కదలకుండా నిలబడ్డావు, ఎదురుగా మంచి వెలుతురు, ఐదు నిమిషాలు ఆపకుండా మాట్లాడావు. ముఖానికీ గొంతుకీ కూడా అంతకంటే ఏం కావాలి?"

ఆ ఐదు నిమిషాల కోసం అప్పట్లో కొత్త చొక్కా కుట్టించుకున్నాడు సూర్యం.

ఫిర్యాదు పెట్టేముందు మాధవి లింకు, పేజీ పేరు రాసుకుంది. ప్రకటన కింద ఉన్న ఆర్డర్ పేజీతో సహా అంతా రికార్డు చేసింది. వాళ్లు తీసేశాక చూపించడానికి మన దగ్గర ఏదో ఒకటి ఉండాలంది. మర్నాటికి జవాబు వచ్చింది, ఈ ప్రకటన మా నియమాలకు విరుద్ధంగా లేదని. మళ్లీ ఫిర్యాదు పెట్టారు. ఈసారి ప్రకటన తీసేశారు. రెండు రోజులకి అదే వీడియో ఇంకో పేరున్న పేజీలో తేలింది. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు రాసుకున్నాయన మర్యాదస్తుడే. "ఇది మీరు కాదని ఎలా చెప్పగలరు?" అని అడిగాడు. అనుమానించి కాదు, కాగితం మీద ఆ గడి నింపాలి కాబట్టి. సూర్యం చాలాసేపు ఆలోచించి, "నేను అంత బాగా మాట్లాడలేనండీ," అన్నాడు.

ఈలోగా కొట్టుకి జనం పెరిగారు. మేకులు అడిగేవాళ్ల కంటే నూనె అడిగేవాళ్లే ఎక్కువ. లేదంటే లోపల దాచావంటారు. ఈ గోల ఎలా తెలిసిందో, ఒక ఏజెంటు చేతిసంచితో దిగాడు.

"అన్నగారూ, జరిగింది తప్పే. కాదనను. కానీ మీ ముఖం ఎలాగూ జనంలోకి వెళ్లిపోయింది. ఇది వేరే కంపెనీ సరుకు, దీంట్లో ఏ మోసమూ లేదు. మీరు ఒక్కమాట కూడా చెప్పనక్కర్లేదు. ఆ అరలో పెట్టండి చాలు."

కొట్టులో పనిచేసే శీను తూకం దగ్గర నుంచే గొణిగాడు. "పెడితే పోయేదేముందన్నా?"

సూర్యం సీసా అందుకుని మూత తీశాడు. వాసన చూశాడు, రెండు వేళ్ల మధ్య రాసి చూశాడు. నిజంగానే బాగుండవచ్చు. ఈ కొట్టు పెట్టిన దగ్గర్నుంచీ తను సంపాదించుకున్నదల్లా ఇది వద్దు, అది తీసుకో అనే మాటే. దానివల్ల పోయిన బేరాలు పోయాయి, నిలిచిన మనుషులు నిలిచారు. ఆ తెల్లకోటువాడు మాత్రం వద్దన్న మాట ఒక్కసారీ అనడు. ఈ ఏజెంటుకి కావలసింది కూడా వాడే.

"నాకు నూనెల గురించి తెలీదండీ," అని సీసా తిరిగి ఇచ్చేశాడు. శీను ఆ పూటంతా ముఖం మాడ్చుకునే తిరిగాడు.

మాధవి మాట మీద సూర్యం తనే ఒక వీడియో తీయించుకున్నాడు. కొట్టులో, పైపుల ముందు నిలబడి. "అందరికీ నమస్కారం. అంటే ఏమిటంటే, ఆ నూనెకీ నాకూ... అంటే, అది నేను కాదు." చెమట పట్టింది. మధ్యలో ఎవరో వాషర్లు ఉన్నాయా అని అరిచారు, అదీ పడింది. చూసినవాళ్లు కొద్దిమందే. కింద మొదటి మాట: "ఇదే ఫేక్. అసలాయన ఇంత తడబడడు." ఇంకొకరు: "ఆ నూనెంటే గిట్టని కంపెనీవాళ్లు చేయించారు, చూస్తేనే తెలుస్తోంది." మాధవి చదువుతూ చదువుతూ నవ్వు ఆపుకోలేకపోయింది. సూర్యానికీ నవ్వొచ్చింది, కాసేపటికి ఆగిపోయింది.

తర్వాతి వారం మాస్టారు గొళ్లెం కోసం వచ్చారు. బొబ్బలు మానాయట. సూర్యం ఒకటి తీసి, "ఇది గట్టిది," అని చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని గుమ్మం దగ్గరికి, వెలుతురులోకి తీసుకెళ్లి, అటూ ఇటూ తిప్పి, గోటితో గీకి చూశారు. ఇన్నేళ్లలో ఎన్నడూ అలా చూసినవారు కాదు. డబ్బులిచ్చి తీసుకునే వెళ్లారు లెండి.

ఆ మధ్యాహ్నమే ఒక పెద్దావిడ చీటీ పట్టుకుని వచ్చింది. సూర్యాన్ని చూడగానే ఆమె ముఖం విప్పారింది.

"ఆ నూనె రెండు సీసాలివ్వు బాబూ."

"అది నేను కాదమ్మా. నా ముఖం పెట్టి ఎవరో చేశారు."

ఆమె అనుమానంగా చూసింది. "మా మనవడు చెప్పాడులే, ఈ రోజుల్లో ఎవరు ఎవరో తెలీదని. అలాంటప్పుడు ముఖం మీద చెయ్యి అడ్డం పోనివ్వమని అడగాలట."

శీను నోరు మూసుకుని పైపుల వెనక్కి తప్పుకున్నాడు. సూర్యం ఒక నిమిషం అలాగే నిలబడ్డాడు. తర్వాత కళ్లద్దాలు సర్దుకుని, అరచెయ్యి ఎత్తి, ముఖానికి అడ్డంగా ఆ చెవి నుంచి ఈ చెవి దాకా నెమ్మదిగా జరిపాడు. ఆమె మెడ ముందుకు చాపి, కన్నార్పకుండా చూసింది.

"నిజమే. నువ్వు మనిషివే," అంది.

"అదేనమ్మా చెప్పేది. నూనె నా దగ్గర లేదు. ఉన్నా మీకు వద్దనే చెప్పేవాణ్ణి. డాక్టరుకి చూపించుకోండి."

ఆమె చీటీ మడిచి కొంగున ముడేసుకుంది. రెండు మెట్లు దిగి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగింది.

"అయితే బాబూ, ఆ తెల్లకోటాయన కొట్టు ఎటువైపు?"