విషయం: వాటర్ ప్యూరిఫయర్ కంపెనీ సేల్స్ హెడ్ ఉద్యోగం గురించి మీ ఈ-మెయిల్‌కు జవాబు

శ్రావణి గారికి,

నమస్కారం. రెండు తెలుగు రాష్ట్రాలకు సేల్స్ హెడ్‌గా ఒక వాటర్ ప్యూరిఫయర్ కంపెనీ మనిషి కోసం చూస్తోందని, ఆ ఉద్యోగానికి నా పేరును పరిశీలిస్తున్నారని మీరు సోమవారం రాసిన ఈ-మెయిల్ చదివాను. జీతం, ప్రయాణాలు, కింద పనిచేసే సిబ్బంది వివరాలన్నీ మొదటి ఉత్తరంలోనే స్పష్టంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. ఈ ఉద్యోగానికి నేను దరఖాస్తు చేయడం లేదు. మీరు తక్కిన అభ్యర్థుల వైపు ఆలస్యం లేకుండా వెళ్లగలిగేలా ఈ మాట ముందే చెబుతున్నాను. అయితే నా రంగానికి దగ్గరగా ఉండే అవకాశాలు మీ దగ్గరకు వచ్చినప్పుడు నన్ను గుర్తుంచుకోవాలని కోరుతూ, కారణాలను కొంచెం వివరంగా రాస్తున్నాను.

నా ప్రొఫైల్‌లో నీటి నాణ్యత, తాగునీరు, ఫ్లోరైడ్, గ్రామీణ జిల్లాలు అన్న మాటలు పలుచోట్ల కనిపిస్తాయి కాబట్టి మీరు నన్ను ఎంచుకోవడం సహజమే. నేను చేసేది భూగర్భ జల పరిశోధన. దక్కన్ పీఠభూమిలో మన ప్రాంతం చాలావరకు గ్రానైటు, నైసు వంటి గట్టిరాళ్ల నేల. ఇక్కడ నీరు ఇసుక పొరల్లో ఉన్నట్టు అంతటా పరచుకుని ఉండదు, పైనున్న శిథిల శిల పొరలోనూ దాని కింద రాతి పగుళ్లలోనూ మాత్రమే నిలుస్తుంది. ఆ పగుళ్లు ఎక్కడున్నాయో విద్యుత్ నిరోధకత సర్వేతో అంచనా వేయడం, పీజోమీటర్లలో నీటిమట్టం కొలవడం, పంపింగ్ పరీక్షలు చేయడం, ఒక ఊరు ఏడాదికి ఎంత నీరు తోడుకుంటే మళ్లీ వానాకాలానికి బావులు కోలుకుంటాయో లెక్క కట్టడం నా పని. డీలర్లను నియమించడం, నెలవారీ టార్గెట్లు నడపడం, బకాయిలు వసూలు చేయడం, పోటీ కంపెనీల ధరలు గమనించి డిస్కౌంట్లు నిర్ణయించడం నేను ఎన్నడూ చేయలేదు. మీ ఉత్తరం ప్రకారం ఈ ఉద్యోగంలో ముఖ్యమైన బాధ్యతలు అవే కాబట్టి, మీ క్లయింటుకు మొదటి రోజు నుంచే ఆ అనుభవమున్న మనిషి కావాలి.

అనుభవం సంగతి అలా ఉంచితే, నాకు ఇంతకన్నా బలమైన కారణం ఒకటుంది. నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లోని ఫ్లోరైడ్ గ్రామాల్లో మేము బోరు నీటి నమూనా తీసుకుని, ఈ నీరు తాగొచ్చు, ఇది వంటకు కూడా వాడొద్దు అని చెబితే జనం నమ్ముతారు. తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడ్ ఉండవచ్చు, వేరే దారి లేని చోట మాత్రమే 1.5 వరకు అనుమతిస్తారు. ఈ అంకెల మీద ఆధారపడి ఒక ఊరు తరతరాలుగా తాగుతున్న బావిని వదులుకుంటుంది. ఆ మాట చెప్పే మనిషికి ఏ యంత్రం అమ్ముడుపోయినా లాభం లేదని వారికి తెలిసినంత కాలమే ఆ నమ్మకం నిలుస్తుంది. రేపు నేనే అదే ఊళ్లకు అమ్మకాల బాధ్యతతో వెళ్తే, ఇదివరకు నేనిచ్చిన నివేదికలన్నిటినీ వారు అనుమానించవచ్చు. అలా అనుమానించడంలో తప్పు కూడా ఉండదు. ప్యూరిఫయర్లు అమ్మడం గౌరవప్రదమైన పని, చాలా ఇళ్లకు అవసరమైన పని కూడా. కానీ నేను ఇన్నేళ్లుగా చేస్తున్న పనికీ దానికీ మధ్య ఈ దూరం ఉండాలని నా దృఢమైన అభిప్రాయం.

మీ వెతుకులాటకు పనికొస్తుందని ఒక విషయం చెబుతాను. ఈ ఉద్యోగి ఫ్లోరైడ్ ఉన్న జిల్లాల మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టాలని మీరు రాశారు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. అతినీలలోహిత కిరణాల యంత్రాలు సూక్ష్మజీవులను చంపుతాయి గానీ కరిగి ఉన్న ఫ్లోరైడ్‌ను తీయలేవు. ఆర్‌ఓ యంత్రాలు దాన్ని చాలావరకు తీస్తాయి, కానీ వాటి నుంచి వచ్చే వ్యర్థ జలంలో అదే ఫ్లోరైడ్ మరింత చిక్కబడి ఉంటుంది, దాన్ని ఎక్కడ వదులుతారన్నది నీటి కొరత ఉన్న ఊళ్లలో పెద్ద ప్రశ్న. అమ్మకాల్లో ఎంత నేర్పు ఉన్నవారైనా ఈ తేడాలు కొనేవారికి నిజాయితీగా వివరించగలగాలి. ఇంటర్వ్యూల్లో మీరు గానీ మీ క్లయింటు గానీ ఈ ప్రశ్న తప్పక అడగాలని నా మనవి, ఎందుకంటే తప్పు యంత్రం కొన్న కుటుంబం పిల్లలకు మంచి నీరే ఇస్తున్నామనుకుని అదే ఫ్లోరైడ్ తాగిస్తూ ఉంటుంది.

ఇక ముందు ముందు నాకు ఎలాంటి అవకాశాలు సరిపోతాయో చెబుతాను. భూగర్భ జలాల అంచనా, కృత్రిమ రీచార్జి కట్టడాలకు స్థలాల ఎంపిక, నీటిమట్టాల పర్యవేక్షణ వ్యవస్థల నిర్వహణ, గ్రామాల తాగునీటి భద్రతా ప్రణాళికలు, గనుల్లో ఊరే నీటిని తోడించే పనికి సంబంధించిన సలహా, ఇలాంటివి ఏవైనా వింటాను. స్వచ్ఛంద సంస్థ అయినా, కన్సల్టెన్సీ అయినా, పరిశ్రమ అయినా అభ్యంతరం లేదు. ఇదే కంపెనీ ఎప్పుడైనా అమ్మకాలతో సంబంధం లేని నీటి పరీక్షా విభాగాన్ని స్వతంత్రంగా నడపాలనుకుంటే దాని గురించి కూడా మాట్లాడతాను. హైదరాబాదులో ఉంటూ నెలలో సగం రోజులు ఫీల్డులో తిరగడం నాకు అలవాటే; కుటుంబ కారణాల వల్ల నివాసం మాత్రం మార్చలేను.

సమయం విషయంలో ఒక పరిమితి ఉంది. వానలకు ముందు మే నెలలో కొలిచిన నీటిమట్టాలను, వానలు వెనుదిరిగాక నవంబరులో కొలిచే మట్టాలతో పోల్చితే గానీ ఆ ఏడాది ఎంత నీరు ఇంకిందో తేలదు. ఈ ఏటి మే కొలతలు నా బృందమే తీసింది. నవంబరు కొలతలు కూడా అదే బావుల్లో, అదే పద్ధతిలో తీసి, నివేదిక అప్పగించాకే మరో చోటికి మారడం గురించి ఆలోచిస్తాను. నా నోటీసు పీరియడ్ మూడు నెలలు. అందువల్ల వచ్చే ఏప్రిల్ తరువాత మొదలయ్యే ఉద్యోగాలైతే ఇప్పటి నుంచే మాట్లాడుకోవచ్చు. జీతం గురించి పని స్వరూపం తెలిశాక చర్చిద్దాం.

రెండు చిన్న మనవులు. నాకు ముందుగా చెప్పకుండా నా రెజ్యుమె ఏ కంపెనీకీ పంపవద్దు. ఈ రంగంలో అందరికీ అందరూ తెలుసు, నా ప్రస్తుత సంస్థకు ఈ సమాచారం మరొకరి ద్వారా తెలియడం నాకు ఇష్టం లేదు. అలాగే, వ్యవసాయ పంపుసెట్ల అమ్మకాల్లో చాలాకాలంగా పనిచేస్తూ రెండు రాష్ట్రాల డీలర్లనూ బాగా ఎరిగిన స్నేహితుడు నాకు ఒకరున్నారు. మీరు సరేనంటే మీ ఉత్తరంలోని ఉద్యోగ వివరాలు ఆయనకు పంపుతాను, ఆసక్తి ఉంటే ఆయనే మీకు నేరుగా రాస్తారు. ఆయన అనుమతి లేకుండా ఫోన్ నంబరు ఇవ్వడం భావ్యం కాదు కాబట్టి ఇక్కడ రాయడం లేదు.

ఉద్యోగ వివరాలు ఆయనకు పంపవచ్చో లేదో ఒక్క మాట రాస్తే చాలు. నాకు తగిన అవకాశం ఎప్పుడు వచ్చినా ఇదే ఈ-మెయిల్‌కు రాయండి. ఫీల్డులో ఉంటే ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు గానీ తప్పక జవాబిస్తాను.

ఇట్లు,
సుజాత
భూగర్భ జల పరిశోధకురాలు, హైదరాబాదు