రిపోర్టులకు అందని నొప్పిని రోగికి వివరించడం: వైద్యుల కోసం సంభాషణ ప్రతి

సందర్భం: తిరుపతిలో జనరల్ మెడిసిన్ ఓపీ. రోగికి 43 ఏళ్లు, శ్రీకాళహస్తి దగ్గరి పల్లె, వేరుశనగ సేద్యం. అన్న గుండెపోటుతో చనిపోయిన రెండు నెలలకు ఆమెకు ఛాతీ పట్టేయడం, దడ, కడుపులో మంట, కాళ్లూ చేతులూ లాగడం మొదలయ్యాయి. రెండేళ్లలో ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్, ఎండోస్కోపీ, థైరాయిడ్, రక్త పరీక్షలు తిరుపతిలోనూ రాయవేలూరులోనూ చేయించుకున్నారు, దేనిలోనూ తేడా రాలేదు. రోజుకు చాలాసార్లు నాడి పట్టి చూసుకుంటూ, చేనికి పోవడం మానేశారు. వెంట భర్త వచ్చారు.

మాట్లాడే ముందు వైద్యులు ఒక్క విషయం మనసులో ఉంచుకోవాలి. 2013లో వచ్చిన డీఎస్‌ఎం-5 ప్రకారం సొమాటిక్ సింప్టమ్ డిజార్డర్ అన్న నిర్ధారణకు పరీక్షలలో ఏమీ దొరకకపోవడం ఆధారం కాదు. బాధ పెట్టే లక్షణం ఉండటం, దాని గురించిన ఆలోచన, ఆందోళన, దాని కోసం వెచ్చించే సమయం మితిమీరడం, ఈ స్థితి సాధారణంగా ఆరు నెలలు దాటడం ఆధారాలు. కాబట్టి "మీకు ఏమీ లేదు" అన్న మాట వైద్యపరంగా కూడా తప్పే. ఆ మాటను ఈమె ఇప్పటికే ఎన్నోసార్లు విన్నారు. విన్న ప్రతిసారీ మరో ఆసుపత్రికి వెళ్లారు.

ఫైలు మూసి పక్కన పెట్టి, కుర్చీని ఆమె వైపు తిప్పుకుని మొదలుపెట్టాలి.

వైద్యుడు: "అమ్మా, మీ రిపోర్టులన్నీ మొదటి నుంచీ చదివాను. వాటి గురించి తరువాత చెబుతాను. ముందు మీరు చెప్పండి, ఈ నొప్పి వల్ల మీ రోజు ఎలా గడుస్తోంది? మీకు లోపల ఏం జరుగుతోందని అనిపిస్తోంది?"

ఇక్కడ కనీసం రెండు నిమిషాలు అడ్డు రాకూడదు. ఆమె మనసులోని భయం బయటికి రాకుండా మనం చెప్పే వివరణ ఎంత బాగున్నా లోపలికి వెళ్లదు.

రోగి: "మా అన్నకు కూడా ఈసీజీ బాగానే ఉందన్నారు సార్. నెల తిరక్కుండానే పోయినాడు. నాకు కూడా ఏదో ఉంది, మీకు అగపడలేదేమో."

భర్త: "డాక్టర్లంతా ఏమీ లేదనే చెప్తా ఉండారు సార్. ఊరికే భయపడతా ఉంది."

రోగి: "నేనేమన్నా వేషాలేస్తా ఉండానా? నాకు నిజంగానే నొస్తా ఉంది."

వైద్యుడు: "మీ నొప్పి నిజమమ్మా. అందులో నాకు ఎలాంటి అనుమానమూ లేదు. అన్నను అలా పోగొట్టుకున్నాక ఛాతీలో పట్టేస్తే ఎవరికైనా గుండె గురించే భయం వేస్తుంది." భర్త వైపు తిరిగి: "అయ్యా, ఇన్నాళ్లూ పని మానుకుని ఈమెను తిప్పింది మీరే. ఈమె కావాలని చేస్తున్నది ఇందులో ఏమీ లేదు."

భర్తను మందలించే గొంతు వద్దు. ఇంటికి వెళ్లాక ఈ వివరణను నిలబెట్టవలసింది ఆయనే.

తరువాత చేతితో పరీక్షించాలి. నాడి, బీపీ చూసి, స్టెతస్కోపు పెట్టి, కడుపు నొక్కి చూస్తూ, కనిపించినది అప్పటికప్పుడు చెప్పాలి. పాత రిపోర్టుల బలంతో ఈ పనిని దాటవేస్తే నమ్మకం అక్కడే తెగిపోతుంది.

వైద్యుడు: "మీ గుండె కండరం, కవాటాలు బాగా పనిచేస్తున్నాయి. పొట్టలో పుండు లేదు. అంటే అవయవం చెడిపోలేదు. మరి నొప్పి ఎందుకు వస్తోంది? మీరు కొండకు నడిచి వెళ్లారా?"

రోగి: "పోయినాను సార్, రెండు మూడు సార్లు."

వైద్యుడు: "అలిపిరి మెట్లెక్కిన మరునాడు పిక్కలు పట్టేసి అడుగు తీసి అడుగు వేయలేరు. ఆ పిక్కలకు ఎక్స్‌రే తీస్తే ఏమీ కనిపించదు. అయినా ఆ నొప్పి అబద్ధమని ఎవరూ అనరు. మన పరీక్షలు చాలావరకు అవయవం ఆకారాన్నీ, దెబ్బనూ చూపిస్తాయి. నొప్పిని మోసే నరాలు ఎంత చురుగ్గా ఉన్నాయో చూపించవు.

ఇంట్లో ఒకసారి దొంగలు పడ్డారనుకోండి. ఆ తరువాత కాపలా కుక్క ఆకు కదిలినా మొరుగుతుంది. కుక్కకు జబ్బు లేదు, దాని మొరుగుడు అబద్ధం కాదు, కాకపోతే దాని కాపలా ఎక్కువైంది. మీ అన్న పోయినప్పటి నుంచి మీ మెదడూ నరాలూ అలాంటి కాపలాలో ఉన్నాయి. మామూలుగా మనకు తెలియకుండా పోయే గుండె చప్పుడు, పేగు కదలిక మీకు పెద్దవిగా, నొప్పిగా తెలుస్తున్నాయి. భయం వేయగానే శ్వాస వేగం పెరుగుతుంది, ఛాతీ కండరాలు బిగుస్తాయి, దడ ఎక్కువవుతుంది. దాన్ని చూసి మళ్లీ భయం. నాడి పట్టి చూసుకున్నకొద్దీ ఆ కాపలా ఇంకా పెరుగుతుంది."

ఇక్కడ ఆగాలి. "నేను చెప్పినదాన్ని మీ మాటల్లో ఒకసారి చెప్పండమ్మా" అని అడగాలి. ఆమె దాన్ని తన రోజుతో ముడిపెట్టుకుంటే చాలు, పూర్తిగా ఒప్పుకోవలసిన అవసరం ఈ రోజు లేదు.

రోగి: "అంటే ఇది మనసు జబ్బా సార్? పిచ్చి డాక్టరు దగ్గరికి పంపిస్తారా?"

వైద్యుడు: "పిచ్చి కాదమ్మా. దీన్ని సొమాటిక్ సింప్టమ్ డిజార్డర్ అంటారు. శరీరంలో బాధ, దాని చుట్టూ పెరిగిన భయం, రెండూ కలిసి మనిషిని కట్టిపడేసే స్థితి ఇది. మీ బాధ శరీరంలోనే ఉంది. దాన్ని పెంచే తీరు మెదడులో, నరాల్లో ఉంది. రెండింటికీ వైద్యం చేద్దాం. ఈ నరాల కాపలాను తగ్గించే మెలకువలు నేర్పే సైకాలజిస్టు దగ్గరికి వారానికి ఒకసారి వెళ్లండి. నా దగ్గరికి రావడం మానవద్దు, మీ వైద్యుణ్ణి నేనే."

మందు గురించి ముందే చెప్పాలి. మెడికల్ షాపులో ఎవరో "ఇది డిప్రెషన్ మాత్ర" అంటే మన మాట మీద నమ్మకం పోతుంది.

వైద్యుడు: "రాత్రికి అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు ఒకటి వేసుకోండి. ఎక్కువ మోతాదులో దీన్ని డిప్రెషన్‌కు వాడతారు. ఇంత తక్కువ మోతాదులో నరాల నొప్పిని తగ్గించడానికి, నిద్ర కోసం ఇస్తున్నాను. నోరు ఎండిపోవచ్చు, పొద్దున కాస్త మత్తుగా ఉండవచ్చు. గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. రోజూ సాయంత్రం పది నిమిషాలు చేను గట్టు మీద నడవండి. నొప్పి ఉన్న రోజూ అంతే, లేని రోజూ అంతే."

రోగి: "ఒక్కసారి యాంజియో చేస్తే మనసు నెమ్మదిస్తుంది కదా సార్?"

వైద్యుడు: "గుండె రక్తనాళాల్లోకి గొట్టం పంపే పరీక్ష అది, దానికీ కొంత ప్రమాదం ఉంది. ట్రెడ్‌మిల్‌లో తేడా లేని మీకు ఇప్పుడు దాని అవసరం లేదు. పోయినసారి ఎకో తరువాత మీ మనసు ఎన్నాళ్లు నెమ్మదించింది?"

రోగి: "పది రోజులు కూడా లేదు సార్."

వైద్యుడు: "అందుకే వద్దంటున్నాను. అయితే పరీక్షల తలుపు మూసేయడం లేదు. నడిచినప్పుడు ఛాతీ బిగిసి చెమటలు పట్టినా, నొప్పి చేతికీ దవడకీ పాకినా, ఒక పక్క చేయీ కాలూ పడిపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. మలంలో రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గినా మరుసటి రోజే నా దగ్గరికి రండి."

చివరిగా ఒక ప్రశ్నను తప్పకుండా అడగాలి: "ఈ బాధతో ఎప్పుడైనా బతకాలని లేదనిపించిందా అమ్మా?" ఈమె లేదన్నారు. అవునంటే మిగిలినదంతా ఆపి, అదే రోజు మానసిక వైద్యుణ్ణి కలిపించాలి. ఎవరికైనా 14416, టెలి మానస్ నంబరు, కాగితం మీద రాసి ఇవ్వాలి.

వైద్యుడు: "నాలుగు వారాలకు గురువారం పొద్దున పది గంటలకు రండి. నొప్పి తగ్గినా రండి, పెరిగినా రండి. ఆ రోజూ చేయి పట్టి చూస్తాను. ఈలోగా మరో ఆసుపత్రికి పోవాలనిపిస్తే ముందు ఇక్కడికి ఒక ఫోన్ చేయండి."

రోగి: "తగ్గిపోయినా రమ్మంటారా సార్?"

వైద్యుడు: "తగ్గినా రండమ్మా. గట్టు మీద ఎంత దూరం నడిచారో చెబుదురుగాని."