సిరికిం జెప్పడు

మాధురి పాఠ్యపుస్తకంలో ఆ పద్యం చుట్టూ ఖాళీ మిగలలేదు. అభ్రగపతి అంటే గరుత్మంతుడు, ధమ్మిల్లం అంటే కొప్పు, చేలాంచలం అంటే చీరకొంగు అని పెన్సిలుతో రాసుకుంది. గణాలు విడదీసింది. స, భ, ర, న, మ, య, వ. మత్తేభం. పద్నాలుగో అక్షరం యతి. డిగ్రీ రెండో సంవత్సరం పరీక్షకు అంతకంటే అక్కర్లేదు.

అయినా పద్యం పట్టుబడలేదు. అక్కడ మడుగులో మొసలి నోట చిక్కి ఏనుగు ప్రాణం పోతోంది. పోతన చూస్తే విష్ణువు చేయని పనులన్నీ ఏకరువు పెడుతున్నాడు. లక్ష్మికి చెప్పడు. శంఖచక్రాలు చేతబట్టడు. పరివారాన్ని పిలవడు. గరుడుణ్ణి సిద్ధం చేయించడు. చెవుల మీదికి జారిన జుట్టు సరిచేసుకోడు. చివరికి ప్రణయకలహంలో పట్టుకున్న లక్ష్మి పైటకొంగైనా వదలడు. ఇన్ని ‘చేయడు’లు దేనికి? వెంటనే బయలుదేరాడు అంటే సరిపోయేది కదా అనుకుంది.

సెలవులకు తెనాలి దగ్గరి అమ్మమ్మ ఊరికి వెళ్లినప్పుడు పుస్తకం వెంట తీసుకెళ్లింది. మధ్యాహ్నం వసారాలో అమ్మమ్మ చాప పరుచుకుని, కత్తిపీట ముందు పెట్టుకుని చింతపండు గింజలు తీస్తోంది. మాధురి స్తంభానికి ఆనుకుని కంఠతా పడుతోంది.

“సిరికిం జెప్పడు, శంఖచక్ర యుగముం జేదోయి సంధింపడే...” ఆగింది. “పరివారంబును జీరడభ్రగపతిం బన్నింపడాకర్ణికాం...” మళ్లీ ఆగింది.

“కర్ణికాం అని ఆగావేమిటే?”

“అక్కడికి పాదం అయిపోయింది అమ్మమ్మా.”

“పాదం అయిపోతే మాట అయిపోయిందా? పాదానికోసారి నువ్విలా ఆగుతూ ఉంటే ఈలోగా మొసలి ఊరుకుంటుందా?”

అమ్మమ్మ బడికి వెళ్లింది మూడో తరగతి వరకే. పద్యాలన్నీ వాళ్ల నాన్న నోట విని నేర్చుకున్నవి. ఆయన పొలంలో మోట తోలుతూ పాడేవాడట. ఆవిడకు గణాలు తెలియవు, యతి అన్న మాట కూడా తెలియదు. కత్తిపీట పక్కకు జరిపి, వీపు నిటారుగా పెట్టి, గుండెల నిండా గాలి పీల్చుకుంది.

సిరికిం జెప్పడు; శంఖచక్ర యుగముం జేదోయి సంధింప; డే
పరివారంబును జీర, డభ్రగపతిం బన్నింప, డాకర్ణికాం
తర ధమ్మిల్లము జక్కనొత్తడు, వివాదప్రోత్థిత శ్రీకుచో
పరి చేలాంచలమైన వీడడు గజప్రాణావనోత్సాహియై.

రాగం తీయలేదు. ఎక్కడా నిలవలేదు. ‘డే’ దగ్గర నిలవబోయిన మాధురి చెవిని ‘పరివారంబు’ లాక్కుపోయింది. ‘కర్ణికాం’ పాదం చివర తెగకుండా ‘తర’లోకి దూకింది. ‘కుచో’ కూడా అంతే. ఏ పాదం చివరా ఊపిరి తీసుకునే చోటు లేదు. ఊపిరి చాలక అమ్మమ్మ మెడ నరాలు ఉబ్బాయి, గొంతు సన్నబడింది, అయినా వదలకుండా ‘ఉత్సాహియై’ దాకా వెళ్లి అక్కడ ఆగి రొప్పింది.

మాధురి పుస్తకం మూసేసింది. అది జాబితా కాదు. అవన్నీ దారిలో ఉన్నవి. భార్య, ఆయుధాలు, పరివారం, వాహనం, ఒంటి మీద ధ్యాస. ఒక్కొక్కటీ ఆయనను ఒక్క క్షణం నిలపగలిగేవే. దేని దగ్గరా నిలవకుండా వాటిని దాటుకుంటూ పోతున్నాడు. బయలుదేరాడని పోతన వేరే చెప్పనక్కర్లేదు. పద్యమే ఆయన వెంట పరుగెడుతోంది. ఎందుకీ పరుగు అన్నది చిట్టచివర, ఊపిరి అయిపోయే చోట ఉంది. ఏనుగు ప్రాణం నిలపాలి.

“మరి కొంగు ఎందుకు వదలలేదు అమ్మమ్మా? పరుగెత్తడానికి అదే అడ్డం కదా?”

“చేతిలో కొంగు ఉన్నట్టు తెలిస్తే కదా వదలడానికి! ఒంటి మీద తెలివే లేదు ఆయనకి.” అమ్మమ్మ మంచినీళ్లు తాగి కొంగుతో మూతి తుడుచుకుంది. “తర్వాతి పద్యం ఎలా మొదలవుతుంది?”

“తన వెంటన్ సిరి...”

“ముందు ఆవిడే ఎందుకు వచ్చింది?”

మాధురికి నవ్వు వచ్చింది. కొంగు ఆయన చేతిలోనే ఉంది. ఆయన కదిలితే ఆవిడ రాక తప్పుతుందా? ఆవిడ వెనక అంతఃపుర స్త్రీలు, ఆ వెనక గరుత్మంతుడు, ఆయుధాలు, నారదుడు, వైకుంఠంలోని పిల్లా పెద్దా అందరూ. మొదటి పద్యంలో పిలవనివాళ్లంతా రెండో పద్యంలో వచ్చేశారు!

పుస్తకం తెరిచి గబగబా పేజీలు తిప్పింది. లక్ష్మీదేవి ఏమిటని అడగబోయి, అడిగినా చెప్పడేమోనని ఆగిపోయే పద్యం దగ్గర వేలు పెట్టింది. పరీక్షకు ఇవ్వలేదని తరగతిలో అందరూ వదిలేసిన కందం అది.

“నువ్వు చెప్పకు అమ్మమ్మా, దీన్ని నేను చదువుతాను” అని లేచి నిలబడి గట్టిగా మొదలుపెట్టింది.

“అడిగెదనని కడువడి జను...”