స్టాటిస్టిక్స్ పదకోశం: ఇంగ్లిష్ – తెలుగు

హిందూపురం, మదనపల్లె వైపు తెలుగు మీడియంలో ఇంటర్ చదివి, బెంగళూరులో బీఎస్సీకి చేరినవాళ్ల కోసం. పరీక్ష ఇంగ్లిష్‌లోనే రాస్తారు కాబట్టి ఆ పదమే ముందుంటుంది. తెలుగు మాట ఎక్కడ పక్కదారి పట్టిస్తుందో అక్కడే చెప్పాం.

పాప్యులేషన్ – సమష్టి. జనాభా అనొద్దు. హోటల్లో పొద్దున వేసిన ఇడ్లీలన్నీ కలిసినా పాప్యులేషనే.

శాంపిల్ – ప్రతిరూపం. వాటిలోంచి మనం తీసి తూచిన 25 ఇడ్లీలు.

వేరియన్స్ – విస్తృతి. విలువలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత. రూమ్ నుంచి కాలేజీకి ఐదు రోజులు బస్సులో పట్టిన నిమిషాలు 40, 45, 50, 55, 60. మెట్రోలో 48, 49, 50, 51, 52. రెండింటి సగటూ 50. మరి ఇంటర్నల్ రోజున ఏది ఎక్కుతారు? సగటుతో తేడాల వర్గాలు కూడితే బస్సుకు 250, మెట్రోకు 10. శాంపిల్ కాబట్టి 5తో కాక 4తో భాగిస్తాం: 62.5, 2.5. ల్యాబ్‌లో చాలామంది ఇక్కడే తికమకపడతారు. R లోని `var()` 4తోనే భాగిస్తుంది. `numpy.var()` మనం చెప్పకపోతే 5తో భాగించి బస్సుకు 50 ఇస్తుంది. రెండూ సరైనవే, అడిగిన ప్రశ్న వేరు.

స్టాండర్డ్ డీవియేషన్ – ప్రామాణిక విచలనం. వేరియన్స్ వర్గమూలం. చదరపు నిమిషాలంటే ఎవరికీ ఊహకందవు; ఇది మామూలు నిమిషాల్లో వస్తుంది. బస్సుకు సుమారు 7.9.

నల్ హైపాథిసిస్ – శూన్య పరికల్పన. "తేడా ఏమీ లేదు" అని ముందుగా పెట్టుకునే మాట. రుజువు చాలకపోతే దాన్ని తోసిపుచ్చలేకపోయామని రాయాలి, నిజమని తేలిందని కాదు.

పీ-వాల్యూ – పీ-విలువ. దీనికి సంస్కృత పదం వెతికి లాభం లేదు. నాణెం సరైనదే అనుకుందాం. 10 సార్లు ఎగరేస్తే 9 సార్లు బొమ్మ పడింది. సరైన నాణేనికి ఇంత వింత, లేదా ఇంతకన్నా వింత ఫలితం వచ్చే సంభావ్యతే పీ-వాల్యూ. బొమ్మ వైపు, బొరుసు వైపు రెండూ లెక్కేస్తే 22/1024, అంటే 0.021. "నాణెం సరైనదయ్యే అవకాశం 2 శాతం" అని రాస్తే మార్కులు పోతాయి. నాణెం సరైనదని ముందే ఒప్పుకుని చేసిన లెక్క ఇది.

సిగ్నిఫికెంట్ – సార్థకం. ముఖ్యమైనదని కాదు. శాంపిల్ బాగా పెద్దదైతే పిసరంత తేడా కూడా సార్థకమే అవుతుంది.

కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ – విశ్వాస అంతరం. మొదటి ప్రతిలో ఒకరు "ఆత్మవిశ్వాస విరామం" అని రాశారు, కొట్టేశాం. ఇడ్లీ 50 గ్రాములని హోటల్ ఓనర్ మాట. మన 25 ఇడ్లీల సగటు 48, ప్రామాణిక విచలనం 5. 95 శాతం అంతరం 45.9 నుంచి 50.1. ఇలాగే మళ్లీ మళ్లీ శాంపిల్ తీసి అంతరాలు కడితే, వాటిలో సుమారు 95 శాతం అసలు సగటును పట్టుకుంటాయి. 95 శాతం ఆ పద్ధతికి, చేతిలో ఉన్న ఈ ఒక్క అంతరానికి కాదు. ఓనర్ చెప్పిన 50 ఈ అంతరంలోనే ఉంది కాబట్టి, సగటు 50 అనే నల్ హైపాథిసిస్‌కు పీ-వాల్యూ కూడా 0.05 దాటే వస్తుంది. ఓనర్‌తో గొడవకు ఈ 25 ఇడ్లీలు చాలవు.